చీర రంగు గడిలో ఒకటి, వర్ణనలో ఇంకోటి: ఏ పద్ధతి పెట్టుకుంటే మంచిది?

పోయిన దసరాకి ముందు నెల్లూరు చిన్నబజారులో ఒక చీరల కొట్టుకి ఆన్‌లైన్ కేటలాగ్ పని చేసిపెట్టాను. ఎక్కువగా పాటూరు మగ్గాల కాటన్ చీరలు, కొన్ని వెంకటగిరివి. ఒక్కో చీరకి ఎక్సెల్‌లో ఒక వరస. అందులో బ్రాండ్, రంగు, పొడవు లాంటి గడులు, చివర్లో నాలుగు వాక్యాల వర్ణన. ఆ షీటే వెబ్‌సైటుకి ఎక్కుతుంది.

ఒక డిజైన్ నాలుగు రంగుల్లో వచ్చింది. మొదటిది వంకాయ రంగు. కొట్లో పనిచేసే అమ్మాయి దాని వర్ణన ముచ్చటగా రాసింది: "వంకాయ రంగు బాడీ మీద చిన్న జరీ బుట్టాలు, గంధం రంగు అంచు, పేరంటానికి హాయిగా ఉంటుంది." తర్వాత ఆ వరసని కాపీ చేసి, కింద మూడుసార్లు అతికించి, రంగు గడిలో మాత్రం ఆకుపచ్చ, నీలం, మెరూన్ అని మార్చింది. వర్ణన అలాగే ఉండిపోయింది.

కావలి నుంచి ఒకామె ఫోన్ చేసింది. "ఏందమ్మా, ఫొటోలో ఆకుపచ్చ, కింద వంకాయ అని రాసినారు, ఏది పంపిస్తారు?" ఆమె అడిగింది కాబట్టి తెలిసింది. అడగకుండా ఆర్డర్ పెట్టిన ఇంకొకామె వంకాయ రంగు వస్తుందనుకుని, ఆకుపచ్చ చీర రాగానే తిప్పి పంపింది. రెండు వైపులా కొరియర్ ఖర్చు కొట్టుదే. ఫొటో సరిగ్గానే ఉంది కదా అని వాదించడానికి లేదు. 2020లో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలతో సరుకు లేకపోతే అమ్మిన మనిషి వెనక్కి తీసుకోనని చెప్పకూడదు. వర్ణనలో మనం రాసిన వాక్యం కూడా మన ప్రకటనే.

ఆ అమ్మాయిది నిర్లక్ష్యం అని కొట్టాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకే సంగతిని రెండు చోట్ల రాయమని, మార్చేటప్పుడు రెండు చోట్లా గుర్తుపెట్టుకుని మార్చమని అడిగితే ఎవరికైనా ఇలాగే అవుతుంది. అందుకని దీన్ని ఎలా సరిచేసుకోవచ్చో నాలుగు దారులు ఆలోచించాం. ఏ కొట్టుకి ఏది పనికొస్తుందో చెబుతాను. నా మొగ్గు ఎటో మధ్యలోనే తెలిసిపోతుంది.

రెండూ చేత్తో రాసి, కళ్ళతో సరిచూడటం

ఇప్పటికి ఎక్కువ కొట్లలో ఉన్నది ఇదే. ముప్పై నలభై చీరలుండి, అన్నీ ఒక్క మనిషే రాసి, ఒక్కో చీరా ఒక్కటే పీసు అయితే ఇది చాలు. వేరే ఏర్పాటు దండగ. చీరని చేతిలో పెట్టుకుని రాసినప్పుడు తప్పు తక్కువ.

ఒక డిజైన్ రెండు మూడు రంగుల్లో రావడం మొదలైన రోజు నుంచి మాత్రం ఇది నిలబడదు. సరిచూసే మనిషి వర్ణన చదివేది మొదటి రంగుకే. మిగతావి "అదే కదా" అని జరిపేస్తాడు. తప్పు ఉండేదేమో రెండో వరస నుంచి. మీ షీట్‌లో ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. వర్ణన గడిని బట్టి వరసల్ని సార్ట్ చేయండి. ఒకే వర్ణన ఉన్నవన్నీ పక్కపక్కన చేరతాయి. వాటికి రంగు గడులు వేరుగా ఉండి, వర్ణనలో రంగు పేరు ఉంటే, ఒక్కటి తప్ప మిగతావన్నీ తప్పే.

వర్ణన ముందు, దాంట్లోంచి గడులు

చీరలు చాలాచోట్ల వాట్సాప్‌లో వస్తాయి. నేయించేవాళ్ళు ఫొటో పెట్టి, కింద ఒక ముక్క రాస్తారు: "సాఫ్ట్ కాటన్, మెరూన్ విత్ గ్రీన్ బార్డర్, 5.5 + 0.8". ఆ ముక్కలోంచే రంగు, పొడవు ఏరి గడుల్లో వేసుకుంటే పని తగ్గుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. మాకూ అనిపించింది. రంగుల పేర్ల జాబితా ఒకటి పెట్టి, వర్ణనలో ఏ పేరు దొరికితే అది గడిలో పడేలా చేశాం.

మొదటి దెబ్బ ఇంగ్లీషు వర్ణనల్లో తగిలింది. ఎక్సెల్‌లో వెతికే `SEARCH` సూత్రం, మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని చూడదు, అక్షరాలు వరసగా దొరికితే చాలనుకుంటుంది. `Embroidered` అనే మాట చివర `red` ఉంది. దాంతో ఎంబ్రాయిడరీ చేసిన చీరలన్నీ ఎరుపైపోయాయి. సైజుల్లోనూ అంతే, `XXL` లోపల `XL` దొరుకుతుంది.

తెలుగులో చిక్కు వేరే రకం. మన రంగు పేరు వాక్యంలో ఒకే రూపంలో ఉండదు. ఎరుపు, ఎర్రటి, ఎర్రని, ఎర్రంచు అన్నీ ఒక్కటే. పోనీ "తెల్ల" అని మొదటి ముక్క వెతుకుదామంటే "తెల్లవారుజాము ముహూర్తానికి" అన్న వర్ణన దొరికింది. "ఎర్ర జాకెట్టు మీదకి బాగుంటుంది" అన్న చోట ఎరుపు ఉంది కానీ అది చీర రంగు కాదు. ఇక "పచ్చ" ఉంది. ఒకరికి అది ఆకుపచ్చ, ఇంకొకరికి పసుపుపచ్చ. కొట్టాయన తల్లికి పచ్చ చీర అంటే పసుపుదే. ఇవన్నీ మిషను తేల్చేవి కావు, చీరని చూసిన మనిషి తేల్చాల్సినవి.

కాబట్టి నా సలహా ఏమిటంటే, వాట్సాప్ ముక్కలోంచి గడులు నింపుకోవడం సరుకు లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారి మాత్రమే పనికొస్తుంది. అదీ చీర విప్పి, చూసి, టిక్ పెట్టిన తర్వాతే. ఆ ఒక్కసారి అయ్యాక వాట్సాప్ ముక్కని పక్కన పడేయండి. దాన్నే వర్ణనగా వెబ్‌సైటుకి పంపితే మళ్ళీ మొదటికొస్తుంది.

గడులు ముందు, వర్ణన వాటిలోంచి

ఇది దానికి తిరగేసిన పద్ధతి. రంగు, పొడవు గడుల్లోనే ఉంటాయి. వర్ణనలో ఆ సంగతులు చెప్పే వాక్యాన్ని ఎక్సెల్ సూత్రమే రాసిపెడుతుంది. మేం పెట్టుకున్నది ఇలా ఉంటుంది. బి గడిలో బాడీ రంగు, సి లో అంచు రంగు, డి లో చీర పొడవు మీటర్లలో, ఇ లో జాకెట్టు ముక్క సెంటీమీటర్లలో, ఎఫ్ లో మనిషి రాసిన రెండు వాక్యాలు. వెబ్‌సైటుకి వెళ్ళే వర్ణన జి గడిలో తయారవుతుంది.

```
=F2&" బాడీ "&B2&" రంగు, అంచు "&C2&" రంగు. చీర "&D2&" మీ., "
&IF(E2>0,"జాకెట్టు ముక్క "&E2&" సెం.మీ.","జాకెట్టు ముక్క లేదు.")
```

రంగు పేరు తర్వాత "రంగు" అన్న మాట ఊరికే పెట్టలేదు. సూత్రానికి సంధులు రావు. "ఎరుపు" అన్న గడిని "ఎర్రని" అని మార్చుకోలేదు. పక్కన "రంగు" ఉంటే పేరు మారక్కర్లేదు, విభక్తి ఏదైనా "రంగు" మీదే పడుతుంది. వంకాయ రంగు, నెమలికంఠం రంగు, ఎరుపు రంగు అన్నీ చదవడానికి బాగానే ఉంటాయి. గడిలో మాత్రం "రంగు" అని రాయకూడదు, రాస్తే "వంకాయ రంగు రంగు" అవుతుంది.

ఇందులో మేం పడ్డ గొయ్యి ఇంకోటి ఉంది. ఒక చీరకి జాకెట్టు ముక్క రాదు. అమ్మాయి ఇ గడిలో "లేదు" అని రాసింది. వెబ్‌సైటులో "జాకెట్టు ముక్క లేదు సెం.మీ." అని వచ్చింది. ఎక్సెల్ లెక్కలో అక్షరాలు ఏ అంకె కంటేనైనా పెద్దవే. కాబట్టి "లేదు" అన్నది సున్నా కంటే పెద్దదని తీర్పు చెప్పింది. కొలతల గడిలో అంకె తప్ప ఏదీ పడకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టాం. జాకెట్టు ముక్క రాకపోతే సున్నా వేయాలి, అంతే.

పొడవు గురించి ఇక్కడే చెప్పాలి. ఒకచోట 6.3, ఇంకోచోట 5.5 అని ఉంటే కొనేవాళ్ళకి అనుమానం వస్తుంది. నిజానికి రెండూ సరైనవే. చీర ఐదున్నర, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, కలిపితే 6.3. పెద్దవాళ్ళు చెప్పే ఆరు గజాలు కూడా దాదాపు ఆ ఐదున్నరే, లెక్కవేస్తే 5.49 మీటర్లు. ఒక్క "పొడవు" గడి పెడితే ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. రెండు గడులు చేస్తే ఆ గొడవ లేదు. రంగు కూడా అంతే. "రంగు" అన్న ఒక్క గడిలో "మెరూన్, ఆకుపచ్చ" అని వేస్తే ఏది బాడీ, ఏది అంచు? గడి పేరే సగం తప్పుల్ని పుట్టిస్తుంది.

ఈ పద్ధతికి లోటు ఏమిటంటే, వర్ణనలన్నీ ఒకే మూసలో ఉంటాయి. రెండు వందల చీరలకి ఒకే వాక్యం. అన్నీ దీంతోనే రాయిస్తే కొట్టు గొంతు పోతుంది. అందుకే ఎఫ్ గడి మనిషికి వదిలాం.

వర్ణనలో ఆ సంగతులే రాయకపోవడం

నాకు ఎక్కువ నచ్చింది ఇది. మనిషి రాసే వాక్యాల్లో రంగు, పొడవు, బ్రాండ్ పేర్లు ఉండకూడదు. బట్ట ఎలా ఉంటుంది, కట్టుకుంటే ఎలా జారుతుంది లేదా నిలబడుతుంది, గంజి పెట్టాలా, మొదటిసారి ఎలా ఉతకాలి, ఎక్కడికి కట్టుకెళ్ళొచ్చు, ఇవి మాత్రమే. రంగు, పొడవు అన్నవి పైన ఉన్న సూత్రం చెబుతుంది, లేదా వెబ్‌సైటే గడుల్లోంచి చూపిస్తుంది. అప్పుడు వరసని కాపీ చేసి అతికించినా నష్టం లేదు. నాలుగు రంగులకీ ఆ వర్ణన నిజమే అవుతుంది.

అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. "రంగు చెప్పకుండా చీర గురించి ఏం రాయమంటారన్నా?" అంది. సబబైన ప్రశ్నే. పాత వర్ణనని మళ్ళీ రాశాం: "పల్చటి కాటన్, ఎండాకాలం పేరంటానికి హాయిగా ఉంటుంది. చిన్న జరీ బుట్టాలు దూరం నుంచి మెరవవు, దగ్గరకొస్తే కనపడతాయి. మొదటి రెండుసార్లు ఉప్పు నీళ్ళలో విడిగా ఉతకండి." మొదటిదానికంటే ఇదే బాగుందని ఆమే అంది.

ఈ నియమం పాటిస్తున్నారో లేదో చూడటం కూడా తేలిక. "ఎర్ర", "తెల్ల" లాంటి మొదటి ముక్కలతో సహా రంగుల జాబితా ఒక షీట్‌లో పెట్టి, ఎఫ్ గడిలో వాటిలో ఎన్ని దొరుకుతున్నాయో లెక్కిస్తాం. సున్నా రావాలి.

```
=SUMPRODUCT(--ISNUMBER(SEARCH(Colors!$A$2:$A$41,F2)))
```

ఇక్కడ మిషను తప్పుగా పట్టుకున్నా ఫరవాలేదు. "తెల్లవారుజాము" దొరికితే అమ్మాయి చూసి వదిలేస్తుంది. గడిని నింపే పనికి పనికిరాని వెతుకులాట, అనుమానం చూపించే పనికి సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: జాబితాలో ఖాళీ గడి ఉండకూడదు. ఖాళీని వెతకమంటే ఎక్సెల్ ప్రతిచోటా దొరికిందంటుంది. మొదటిరోజు వర్ణనలన్నిటికీ ఆరేసి తప్పులు చూపించి మాకు టెన్షన్ పెట్టింది. చూస్తే జాబితా కింద ఆరు గడులు ఖాళీగా ఉన్నాయి.

చాలామంది దీన్ని తిరగేసి పెడతారు: గడిలో ఉన్న రంగు వర్ణనలో ఉందా అని చూస్తారు. అది తక్కువ పనిచేస్తుంది. వర్ణనలో "మెరూన్" ఉండి, పక్కనే పాత "వంకాయ" కూడా మిగిలిపోతే ఆ పరీక్ష పాసైపోతుంది. ఉండాల్సింది ఉందా అని కాదు, ఉండకూడనిది ఉందా అని చూడాలి.

రంగు పేర్ల చిట్టా

ఏ పద్ధతి ఎంచుకున్నా గడిలో ఏం రాయాలన్నది తేలకపోతే అంతా వృథా. కొట్టు భాషలో రంగులు వేరు. ఉల్లిపొర, బచ్చలిపండు, చిలకపచ్చ, కనకాంబరం, చింతపిక్క. కొనేవాళ్ళు ఫిల్టర్‌లో నొక్కేది ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ. "ఉల్లిపొర" అని గడిలో వేస్తే గులాబీ ఫిల్టర్‌లో ఆ చీర కనపడదు. "గులాబీ" అని వేసి వర్ణనలో "ఉల్లిపొర" అంటే రెండూ వేరని కొనేవాళ్ళు అనుకుంటారు.

కాబట్టి రెండు గడులు పెట్టాం. మనిషి ఎంచేది కొట్టు పేరు ఒక్కటే, డ్రాప్‌డౌన్ లోంచి. దాని కుటుంబం పక్క షీట్‌లోని చిట్టా చూసి దానంతటదే పడుతుంది: ఉల్లిపొరకి గులాబీ, చిలకపచ్చకి ఆకుపచ్చ, చింతపిక్కకి గోధుమ. కొట్టు పేరు చదివేవాళ్ళకి, కుటుంబం ఫిల్టర్‌కి. "పచ్చ" అన్న పేరుని చిట్టాలోంచి తీసేశాం. ఆకుపచ్చ లేదా పసుపు, రెండిట్లో ఏదో ఒకటి చెప్పాల్సిందే. "మల్టీకలర్" కూడా తీసేశాం. అది రంగు కాదు, చూసి రాయడానికి బద్ధకం. గూగుల్ షాపింగ్ ఫీడ్ కూడా ఆ మాట వద్దంటుంది, దానికి బదులు మూడు రంగుల దాకా మధ్యలో ఏటవాలు గీత పెట్టి రాయమంటుంది.

డ్రాప్‌డౌన్ ఉంది కదా అని ధీమా వద్దు. చేత్తో టైపు చేస్తేనే అది అడ్డుకుంటుంది. వేరే చోట నుంచి కాపీ చేసి అతికిస్తే ఊరుకుంటుంది. అలా ఒకసారి వెబ్‌సైటు ఫిల్టర్‌లో రెండు మెరూన్లు వచ్చాయి. కళ్ళకి తేడా లేదు. అక్షరాలు, గుర్తులు లెక్కపెట్టే `LEN` పెట్టి చూస్తే ఒకటి 6, ఇంకోటి 7. పొల్లు తర్వాత కీబోర్డు వేసే కనపడని గుర్తు ఒకటి అతుక్కుని వచ్చింది.

బ్రాండ్ గడి

మగ్గం చీరకి చాలావరకు బ్రాండ్ ఉండదు. ఖాళీగా ఉంచడం ఇష్టంలేక "వెంకటగిరి" అని వేస్తారు. అది బ్రాండ్ కాదు, భౌగోళిక గుర్తింపు ఉన్న ఊరి పేరు. గడిలో వెంకటగిరి అని, వర్ణనలో "వెంకటగిరి మోడల్, పాటూరు నేత" అని ఉంటే అది ఊరికే పొసగకపోవడం కాదు, కొనేవాళ్ళని మోసం చేసినట్టే. మేం "నేసిన ఊరు" అని విడిగా గడి పెట్టాం. బ్రాండ్ గడిలో చీర మీద కుట్టిన లేబుల్ ఉంటే ఆ పేరు, లేకపోతే "బ్రాండ్ లేదు". జిల్లా పేరు వర్ణనలో రాయొద్దని కూడా చెప్పాను. పాత వర్ణనల్లో "నెల్లూరు జిల్లా వెంకటగిరి", "ప్రకాశం జిల్లా చీరాల" అని ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఒకటి తిరుపతి జిల్లాకి, ఇంకోటి బాపట్ల జిల్లాకి పోయాయి. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే ఆ వాక్యాలు తప్పైపోయాయి.

మరి ఏది ఎంచుకోవాలి

చీరలు యాభైకి లోపుండి అన్నీ ఒంటి పీసులైతే చేత్తోనే రాసుకోండి, నెలకోసారి సార్ట్ చేసి చూడండి. ఒకే డిజైన్ రంగు రంగుల్లో వస్తుంటే, ఎంత చిన్న కొట్టైనా సరే, రంగులు లేని వర్ణన, గడుల్లోంచి సూత్రం రాసే ఒక వాక్యం, ఈ రెండూ కలిపి పెట్టుకోండి. పాత వర్ణనలు వేలల్లో ఉంటే అన్నీ తిరగరాయక్కర్లేదు. లెక్క సూత్రం పెట్టి, ఒకే వర్ణన పంచుకుంటున్న వరసల్లో సున్నా రానివాటిని ముందు చూడండి, అమ్ముడుపోతున్నవాటితో మొదలుపెట్టి. నైటీలు, రెడీమేడ్లు అమ్మేవాళ్ళకి ఒక్క మాట: `XL` అన్న పేరుకీ, ఛాతీ ఎన్ని అంగుళాలన్నదానికీ వేర్వేరు గడులు కావాలి. ఒక కంపెనీ ఎక్స్ఎల్ ఇంకో కంపెనీ ఎల్ అంత ఉంటుంది. అంగుళాలు టేపు పెట్టి కొలిచి వేయాలి, కంపెనీ అట్ట మీద చూసి కాదు.

మా చిట్టాలో తేలకుండా చివరిదాకా మిగిలింది నెమలికంఠం. కొట్టాయన అది నీలం అంటాడు, ఆయన భార్య ఆకుపచ్చ అంటుంది. చీరని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో చూశాం. మడత విప్పితే నీలంగా, మళ్ళీ మడిస్తే ఆకుపచ్చగా ఉంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కదా. "రెండిట్లోనూ వెయ్యి అబ్బయ్యా, కొనేవాళ్ళే చూసుకుంటారు" అంది ఆమె. కుటుంబం గడిలో "నీలం/ఆకుపచ్చ" అని వేశాం. ఇప్పుడు ఏది నొక్కినా ఆ చీర కనపడుతుంది.